అచ్చుదిద్దిన అపరిచితుడికి ధన్యవాదం

తెలుగు వికీసోర్స్‌లో ఒక పాత పుస్తకం తెరిచి, కావలసిన మాటను వెతుకుపెట్టెలో టైపు చేస్తే, ఆ మాట ఉన్న పుటలు వరసగా కళ్లముందుకు వస్తాయి. గ్రంథాలయంలో కూర్చుని మధ్యాహ్నమంతా పుటలు తిరగేయవలసిన పని క్షణాల్లో అయిపోతుంది. ఇంత సులువు కావడానికి ముందు ఎవరో ఆ పుస్తకాన్ని పుట పుటా స్కాన్ చేశారు. ఎవరో దాన్ని వికీసోర్స్‌లోకి ఎక్కించారు. మరెవరో ఒక్కో పుట బొమ్మనూ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశారు. ఈ సరిచూసే పనిని వికీసోర్స్‌లో అచ్చుదిద్దడం అంటారు. అది చేసినవారికి జీతం లేదు. పుస్తకం మొదటి పుటలో పేరు కూడా ఉండదు. అలాంటివారికి ధన్యవాదం చెప్పదలచిన పాఠకుడికి మొదట ఎదురయ్యే చిక్కు మాటలు దొరక్కపోవడం కాదు, మనిషి దొరక్కపోవడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత తెలుగు సమాజంలో పిల్లల ఆటల మీద ఒక విద్యార్థిని పరిశోధన చేస్తోంది. ఆమెకు సురవరం ప్రతాపరెడ్డి రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తప్పనిసరి. కాకతీయుల కాలం, రెడ్డిరాజుల కాలం అంటూ యుగాల వారీగా జనం తిండి, బట్ట, ఆట, పాట గురించి కావ్యాల నుంచి ఆధారాలు ఏరి కూర్చిన పుస్తకం అది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది. రచయిత 1953లో మరణించారు. మన దేశపు కాపీహక్కు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. అంటే 2013తో గడువు తీరి, 2014 జనవరి 1 నుంచి ఆ పుస్తకం అందరి సొత్తయింది. ఎవరైనా దాన్ని తిరిగి అచ్చువేయవచ్చు, టైపు చేసి నలుగురికీ పంచవచ్చు.

అయితే చట్టం అనుమతించినంత మాత్రాన పుస్తకం దానంతట అది అక్షరాల రూపంలోకి రాదు. పాత తెలుగు పుస్తకాల బొమ్మలు ఇంటర్నెట్‌లో చాలానే ఉన్నాయి. వాటిలో పెద్ద వాటా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ అయినవి. చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన రాజ్ రెడ్డి తలపెట్టిన మిలియన్ పుస్తకాల పథకంలో అదొక భాగం. ఆ ప్రతులు ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. కానీ అవి బొమ్మలు. బొమ్మలో మాట వెతకలేం.

బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని ఓసీఆర్ అంటారు. తెలుగు ఓసీఆర్ ఈ మధ్య బాగా మెరుగుపడినా, పాత అచ్చు దగ్గర తడబడుతుంది. పకారానికీ వకారానికీ తేడా తలకట్టు దగ్గరే ఉంటుంది, కాబట్టి సిరా పల్చబడిన చోట ఒకటి ఇంకొకటిగా మారుతుంది. ద, ధ, థ కలగాపులగం అవుతాయి. బండి ర ఎగిరిపోతుంది. సున్నా కాస్తా అంకె సున్నా అయి కూర్చుంటుంది. పద్యాల్లోని అరసున్న ఒక్కోసారి మాయమవుతుంది, ఒక్కోసారి బ్రాకెట్టుగా తేలుతుంది. కింద పడవలసిన వత్తు పక్క అక్షరానికి పోతుంది. ఇవన్నీ మనిషి కంటితో చూసి దిద్దవలసినవే. ఒక్కో పుటకు పావుగంట పట్టిందనుకున్నా, 400 పుటల పుస్తకానికి 100 గంటలు అవుతాయి. పరిశోధక విద్యార్థినికి ఆదా అయిన కాలం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ లెక్క చెబుతుంది.

ఇక మనిషిని పట్టుకోవడం. వికీసోర్స్‌లో పాఠకుడు చదివే అధ్యాయం నిజానికి ఒక కూర్పు. అచ్చు పుస్తకంలోని ఒక్కో పుటకూ వికీసోర్స్‌లో విడిగా ఒక పుట ఉంటుంది. అందులో ఒక పక్క స్కాన్ బొమ్మ, ఇంకో పక్క టైపు పాఠం కనిపిస్తాయి. అధ్యాయంలో ఈ విడి పుటలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరతాయి. పొరపాటు జరిగేది ఇక్కడే. పాఠకులు అధ్యాయం పైన ఉన్న చరిత్ర అనే ట్యాబు నొక్కి, అందులో కనిపించిన పేరుకు ధన్యవాదం పంపేస్తారు. ఆ పేరు పుటలను అధ్యాయంగా పేర్చినవారిది. పేర్చడమూ పనే, కాదనలేం. కానీ అది కొద్ది నిమిషాల పని. గంటలు వెచ్చించిన మనిషి పేరు అక్కడ ఉండకపోవచ్చు.

అసలు మనిషి కోసం విడి పుటలోకి వెళ్లాలి. అధ్యాయం చదువుతున్నప్పుడు ఎడమ అంచున చిన్న అక్షరాలతో పుట సంఖ్యలు కనిపిస్తాయి. ఆ సంఖ్య నొక్కితే విడి పుట తెరుచుకుంటుంది. దాని చరిత్ర చూస్తే, ఆ పుట మీద ఎవరు ఏ రోజు ఏం చేశారో వరసగా ఉంటుంది. మొదటి మార్పు సాధారణంగా ఓసీఆర్ పాఠాన్ని తెచ్చి పడేసినవారిది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట అచ్చుదిద్దినట్టు గుర్తు కనిపిస్తుంది. ఆ మార్పునూ దాని ముందరి మార్పునూ పోల్చి చూస్తే, తప్పుల పాఠం ఒప్పుల పాఠంగా ఎలా మారిందో రెండు నిలువు వరసల్లో కనిపిస్తుంది. ఎన్ని అక్షరాలు దిద్దారో కళ్లారా చూశాక రాసే ధన్యవాదానికి బరువు వేరుగా ఉంటుంది.

పుటలకు రంగులు కూడా ఉంటాయి. పుస్తకం సూచిక పుట తెరిస్తే పుట సంఖ్యలన్నీ రంగుల గళ్లలా కనిపిస్తాయి. ఎరుపు అంటే ఇంకా దిద్దవలసిన పుట. పసుపు అంటే ఒకరు అచ్చుదిద్దారు. ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా సరిచూసి ఆమోదించారు. ఖాళీ పుటలకు బూడిద రంగు, బొమ్మ చెడిపోవడం లాంటి చిక్కులున్న పుటలకు ఊదా రంగు. పసుపు చేసినవారే ఆకుపచ్చ కూడా చేయడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, రెండో మనిషి కావలసిందే. కాబట్టి ఆకుపచ్చ పుట దగ్గర ధన్యవాదం ఇద్దరికీ చెందుతుంది. రెండోసారి చూసినవారు ఒక్క అక్షరమూ మార్చకపోయినా వారి పని తక్కువది కాదు. తప్పు లేదని తేల్చడానికి కూడా పుటంతా చదవాలి.

ఇక ధన్యవాదం చెప్పే పద్ధతి. పుట చరిత్రలో ప్రతి మార్పు పక్కనా ధన్యవాదం తెలిపే లంకె ఉంటుంది. ఈ సదుపాయం వికీపీడియాలో 2013లో మొదలైంది. ఖాతాతో లోపలికి ప్రవేశించినవారికే అది కనిపిస్తుంది. లంకె నొక్కితే పంపమంటారా అని ఒకసారి అడుగుతుంది, ఔనంటే అవతలి వ్యక్తికి గంట గుర్తు దగ్గర సమాచారం చేరుతుంది. ఒకసారి పంపాక వెనక్కి తీసుకోలేం. ఎవరు ఎవరికి ఎప్పుడు ధన్యవాదం తెలిపారన్నది చిట్టాలో అందరికీ కనిపిస్తుంది, కానీ ఏ మార్పుకు తెలిపారన్నది అందుకున్నవారికే తెలుస్తుంది.

ఈ లంకె మంచిదే గాని, దానికి నోరు లేదు. పుట నచ్చిందని చెబుతుంది తప్ప, ఎందుకు నచ్చిందో చెప్పదు. పని ఎక్కడ ఉపయోగపడిందో తెలియజేయాలంటే ఆ వ్యక్తి చర్చ పుటలో రాయాలి. చరిత్రలో వాడుకరి పేరు పక్కనే చర్చ అనే లంకె ఉంటుంది. అక్కడ కొత్త విషయం చేర్చి, నాలుగు వాక్యాలు రాసి, చివర `~~~~` అని నాలుగు టిల్డా గుర్తులు పెడితే రాసినవారి పేరూ తేదీ వాటంతటవే పడతాయి. ఇప్పుడున్న కొత్త పెట్టెలో రాస్తే ఆ గుర్తులు పెట్టకపోయినా సంతకం చేరుతుంది.

ఆటల మీద పరిశోధన చేసే విద్యార్థిని ఇలా రాయవచ్చు: “నమస్కారమండీ. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆటల గురించిన పుటలు మీరు అచ్చుదిద్దినట్టు పుట చరిత్రలో చూశాను. పిల్లల ఆటల మీద నేను రాస్తున్న సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయానికి అవి ఆధారమయ్యాయి. అచ్చు ప్రతి కోసం గ్రంథాలయాల చుట్టూ తిరిగే పని తప్పింది. ఉదాహరించిన పద్యాలను పాదాలు చెదరకుండా ఉంచినందువల్ల నేరుగా వాడుకోగలిగాను. మీకు ధన్యవాదాలు.”

ఈ ఉత్తరంలో పొగడ్త ఒక్కటీ లేదు. ఏ పుటలో, ఏ పనికి వాడుకున్నారో, ఏ శ్రమ తప్పిందో ఉంది. అచ్చుదిద్దినవారు ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టిన ఒక చిన్న విషయం, అంటే పద్యపాదాల అమరిక, ఎవరో గమనించారన్న సంగతీ ఉంది. తెలుగు భాషకు మీరు చేస్తున్న సేవ అపారం అని రాసే ఉత్తరాలు కూడా వస్తుంటాయి. వాటిలో తప్పు పట్టవలసిందేమీ లేదు. కాకపోతే అవి ఎవరికైనా సరిపోతాయి, అందుకే ఎవరికీ గట్టిగా తగలవు.

ఉత్తరం రాయాలనుకుని, సరైన మాటలు రావడం లేదని వాయిదా వేసేవారే ఎక్కువ. దీని మీద అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు 2018లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో వచ్చాయి. కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరాలు రాసినవారిని, అవి అందుకున్నవారు ఏమనుకుంటారని ముందే అడిగారు. తర్వాత అందుకున్నవారినీ అడిగారు. రాసినవారు అందుకున్నవారి సంతోషాన్ని తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా అంచనా వేశారని తేలింది. రాసేవారి దిగులంతా మాటల పొందిక మీద. చదివేవారు చూసుకున్నది అందులోని ఆప్యాయతను. అయితే ఆ ఉత్తరాలు పరిచయస్తుల మధ్యవి. ముక్కూ మొహం తెలియనివారి విషయంలో సరిగ్గా అంతే ఫలితం వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం.

అపరిచితుల మధ్య జరిగిన ప్రయోగం ఇంకొకటి ఉంది. మైకేల్ రెస్టివో, ఆర్నౌట్ వాన్ డి రైట్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఇంగ్లీషు వికీపీడియాలో అందరికన్నా ఎక్కువ పనిచేసే ఒక శాతం మందిలోంచి 200 మందిని ఎంచుకున్నారు. వారిలో యాదృచ్ఛికంగా తీసిన 100 మంది పుటల్లో, ఎవరైనా ఇవ్వగలిగే నక్షత్రం బొమ్మ పతకం ఒకటి పెట్టారు. మిగతా 100 మందికి ఏమీ ఇవ్వలేదు. తర్వాతి 90 రోజుల్లో పతకం అందుకున్నవారి పని, అందుకోనివారితో పోలిస్తే 60 శాతం ఎక్కువగా ఉంది. ఈ ఫలితం 2012లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. దీన్ని చూసి పతకాలు పంచితే పని పెరుగుతుందని పొంగిపోవడం తొందరపాటే. ప్రయోగానికి ఎంచుకున్నది అప్పటికే రోజూ పనిచేస్తున్నవారిని. నిన్న చేరిన కొత్తవారి గురించి అది ఏమీ చెప్పదు.

ధన్యవాదంలో చేరకూడనివి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది కోరిక. “చాలా ధన్యవాదాలు, ఇదే రచయిత మరో పుస్తకం కూడా దయచేసి పెట్టండి” అని ముగిసే ఉత్తరం చదివినవారికి మొదటి సగం మరుగునపడి రెండో సగమే మిగులుతుంది. కావలసిన పుస్తకం గురించి అడగాలంటే వేరే రోజున, నలుగురూ చూసే రచ్చబండ పుటలో అడగవచ్చు. రెండోది, అసలు పేరు కోసం ఆరా తీయడం. చాలామంది కలం పేర్లతో పనిచేస్తారు. ఏ పేరుతో పనిచేశారో ఆ పేరుతోనే పలకరించడం మర్యాద. చర్చ పుట అందరికీ కనిపిస్తుంది కాబట్టి రాసేవారు కూడా తమ ఫోన్ నంబరు, చిరునామా అక్కడ పెట్టకూడదు. ఇక డబ్బు. వికీమీడియా ఫౌండేషన్‌కు ఇచ్చే చందా సర్వర్లకూ సంస్థ ఖర్చులకూ పోతుంది. అది మంచి పనే, కానీ పుట దిద్దినవారి చేతికి అందులో రూపాయి కూడా రాదు.

సిద్ధాంత గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పుట ఒకటి ఉంటుంది. పర్యవేక్షకుడు, గ్రంథాలయాధికారి, తల్లిదండ్రులు, చివరికి డీటీపీ చేసిన ఆపరేటరు కూడా అందులో కనిపిస్తారు. పుస్తకాన్ని అక్షరాలుగా మార్చి ఇచ్చినవారు మాత్రం తరచూ జారిపోతారు. కారణం కృతఘ్నత కాకపోవచ్చు. తెర మీద చదివినదాన్ని అచ్చు ప్రతి చూసి రాసినట్టు చూపించే అలవాటు ఒకటుంది. తెలుగు వికీసోర్స్‌లో ఫలానా పుస్తకాన్ని అచ్చుదిద్దిన ఫలానా వాడుకరులకు అని ఒక వాక్యం చేరిస్తే గ్రంథం విలువ తగ్గదు, పైగా చదివేవారికి ఆధారం ఎక్కడుందో తెలుస్తుంది.

కృతజ్ఞత వేరు, ఆధారం చూపడం వేరు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర వంటి కాపీహక్కు తీరిన పుస్తకం విషయంలో అచ్చుదిద్దినవారి పేరు చెప్పాలన్న చట్టపు నిర్బంధం లేదు, అది మర్యాద. స్వచ్ఛందంగా చేసిన అనువాదం విషయం అలా కాదు. అనువాదం అనువాదకుడి సొంత రచన. దాన్ని క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ షేర్ అలైక్ లైసెన్సు కింద ఇచ్చి ఉంటే, వాడుకునేవారు అనువాదకుడి పేరు, మూలం లంకె, లైసెన్సు పేరు ఇవ్వాలి. మార్పులు చేసి ఉంటే ఆ మాటా చెప్పాలి. మార్చి ప్రచురించేవారు తమ ప్రతిని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. చర్చ పుటలో ఎంత చక్కని ఉత్తరం రాసినా ఈ బాధ్యత తీరదు.

ఆధారం చూపేటప్పుడు పుట సంఖ్య దగ్గర జాగ్రత్త పడాలి. స్కాన్‌లో అట్ట, లోపలి అట్ట, పీఠిక, విషయ సూచిక అన్నీ కలిపి లెక్క మొదలవుతుంది. అందువల్ల స్కాన్‌లో 41వది అయిన పుట మీద అచ్చులో 25 అని ఉండవచ్చు. సిద్ధాంత గ్రంథంలో ఇవ్వవలసింది అచ్చు సంఖ్యనే. బొమ్మ పైనో కిందో అది ముద్రించి ఉంటుంది. ఏ ముద్రణో కూడా చెప్పాలి, ముద్రణ మారితే పుటలు మారతాయి.

అపరిచితుడి పని వాడుకున్నవారు తిరిగి చేయగలిగినది దిద్దుబాటు. చదువుతున్నప్పుడు మాట అర్థం కాకపోతే విడి పుట తెరిచి బొమ్మతో పోల్చాలి. బొమ్మలో ‘పలుకు’ అని ఉండి పాఠంలో ‘వలుకు’ అని ఉంటే అది ఓసీఆర్ తప్పు, నిస్సందేహంగా దిద్దవచ్చు. బొమ్మలోనే పాత వర్ణక్రమం ఉంటే దాన్ని ఇప్పటి వాడుకకు మార్చకూడదు. బండి రను మామూలు రగా మార్చడం, అరసున్న తీసేయడం దిద్దుబాటు కాదు, పాడుచేయడం. ‘దాగుడుమూతలు’ అని వెతికితే అరసున్నలతో ఉన్న ‘దాఁగుడుమూఁతలు’ దొరక్కపోవచ్చు. అది అచ్చుదిద్దినవారి లోపం కాదు. రెండు రూపాల్లోనూ వెతుక్కోవడమే దానికి ఉపాయం.

దిద్దుబాటు కన్నా పనికొచ్చేది రెండో చూపు. పసుపు పుటలు చాలాకాలం పసుపుగానే ఉండిపోతాయి, వాటిని చూడటానికి మరో మనిషి దొరకడు. తన పరిశోధనకు ఎలాగూ బొమ్మతో పోల్చి చదివిన పుటలను విద్యార్థిని ఆమోదించినవిగా గుర్తు పెడితే, మొదటి మనిషి పని పూర్తవుతుంది. పుట దిద్దే పెట్టె అడుగున రంగుల గుండీలు ఉంటాయి. ఆకుపచ్చ గుండీ ఎంచుకుని భద్రపరిస్తే చాలు. పుటంతా చదవకుండా రంగు మార్చడం మాత్రం చేయకూడదు. ఒకసారి ఆకుపచ్చ అయిన పుటను మళ్లీ తెరిచి చూసేవారు అరుదు, అందులో మిగిలిన తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ధన్యవాదం లంకెకూ రంగుల గుండీలకూ ఖాతా కావాలి. ఖాతాకు ఒక పేరు, ఒక సంకేతపదం చాలు. ఈమెయిలు చిరునామా తప్పనిసరి కాదు గాని ఇవ్వడమే మేలు, ఎందుకంటే అది లేకుండా సంకేతపదం మరచిపోతే ఖాతా తిరిగి తెరవడం కుదరదు. తెలుగు వికీపీడియాలో ఇప్పటికే ఖాతా ఉన్నవారు కొత్తది తెరవనక్కర్లేదు, అదే పేరు వికీసోర్స్‌లోనూ పనిచేస్తుంది.